సౌర పంపుసెట్లలో కనెక్టర్ల దోషాలు: సరిగా బిగియని క్రింపు, పొసగని జత, కానరాని విద్యుత్ నష్టం

సౌర పంపుసెట్టు నుండి నీటి ధార తగ్గిందని రైతు చెప్పినప్పుడు, సాధారణంగా మొదట అనుమానించేది బోరులోని నీటి మట్టాన్ని. తరువాత ప్యానెళ్లపై పేరుకున్న దుమ్మును, ఆ పైన మోటారును. ప్యానెళ్ల క్రింద తీగల మధ్య వ్రేలాడే నల్లని ప్లాస్టిక్ కనెక్టర్ వరకు పరిశీలన చేరడం అరుదు. బొటనవ్రేలంత ఉండే ఈ భాగంలో దోషమున్నా, ప్యానెళ్ల వోల్టేజి కొలిస్తే సరిగానే కనిపిస్తుంది. అందువల్ల దోషం బయటపడక ముందే మోటారును పైకి తీయించడం, బోరును లోతు చేయించడం వంటి ఖర్చులు రైతుపై పడే ప్రమాదముంది.

ప్యానెళ్లకు నేడు ఎక్కువగా వాడుకలో ఉన్నది ఎం.సి.4 తరహా కనెక్టర్. ఇందులోని లోహపు పిన్ను వ్యాసం 4 మిల్లీమీటర్లు. పిన్ను ఒక సగంలోను, దానిని పట్టుకునే సాకెట్టు రెండవ సగంలోను ఉంటాయి. ప్యానెల్ వెనుకనున్న తీగల చివర్లకు కర్మాగారంలోనే కనెక్టర్లు అమర్చి పంపుతారు. వరుసలోని ప్యానెళ్లను ఒకదానితో ఒకటి కలిపేటప్పుడు ఒకే తయారీకి చెందిన రెండు సగాలు, యంత్రంతో క్రింపు చేసినవి, కలుస్తాయి. ఇటువంటి కీళ్లలో దోషం తక్కువ. వరుస రెండు చివరల నుండి కంట్రోలరు వరకు పోయే తీగకు మాత్రం పొలంలోనే కనెక్టర్ అమర్చవలసి వస్తుంది. చేతితో చేసిన క్రింపు, బజారులో దొరికిన మరొక కంపెనీ కనెక్టర్, రెండూ ఒకే కీలులో కలిసేది ఇక్కడే. పగిలిన ప్యానెల్ స్థానంలో వేరొక కంపెనీ ప్యానెల్ పెట్టినప్పుడు కూడా ఇదే పరిస్థితి ఏర్పడుతుంది. కనుక పరిశీలన ఆరంభించవలసినది వరుస మధ్య నుండి కాదు, చివరల నుండి.

క్రింపింగ్ అంటే కేవలం తీగను గట్టిగా పట్టి ఉంచడం కాదు. సౌర తీగలో తగరం పూత పూసిన సన్నని రాగి పోగులు పదుల సంఖ్యలో ఉంటాయి. సరియైన అచ్చు గల సాధనంతో నొక్కినప్పుడు లోహపు గొట్టం, పోగులు కలిసి రూపు మారి, నడుమ గాలి చొరబడే సందు లేకుండా ఒకే ముద్దగా ఏర్పడతాయి. గాలి, తేమ చేరని ఆ స్పర్శ తలాల్లో ఆక్సైడు పొర పెరగదు. కటింగ్ ప్లేయరుతో నొక్కితే గొట్టం చదునవుతుంది గాని పోగుల మధ్య ఖాళీలు మిగిలిపోతాయి. అమర్చిన రోజున ఆ కీలు బాగానే పని చేస్తుంది. పగటి వేడికి వ్యాకోచించి, రాత్రి చలికి సంకోచిస్తూ నెలల తరబడి గడిచిన కొద్దీ పట్టు సడలుతుంది. సందుల్లో ఆక్సైడు చేరి విద్యుత్ నిరోధం పెరుగుతుంది. నిరోధం పెరిగితే వేడి పెరుగుతుంది, ఆ వేడి ఆక్సీకరణను మరింత వేగిరపరుస్తుంది.

పొలంలో కనిపించే తప్పులు చాలావరకు తీగ కొస ఒలవడంలోనే మొదలవుతాయి. కత్తితో ఒలిచినప్పుడు కొన్ని పోగులు తెగిపోతాయి, మిగిలిన పోగులు వాటి భారాన్ని కూడా మోయవలసి వస్తుంది. ఒలిచిన పొడవు చాలకపోతే తీగపై తొడుగు గొట్టంలోకి వెళ్లి, లోహానికి బదులు ప్లాస్టిక్ నొక్కుకుంటుంది. 6 చదరపు మిల్లీమీటర్ల తీగకు ఉద్దేశించిన పిన్నులో 4 చదరపు మిల్లీమీటర్ల తీగ పెట్టి నొక్కడం మరొక పొరపాటు. పట్టు చాలదని భావించి కొందరు క్రింపుపై సోల్డరింగ్ చేస్తారు. ఇది మేలు చేయదు. తగరం పోగుల వెంట ప్రాకి తీగ బిరుసెక్కుతుంది, ఆ బిరుసు ముగిసే చోట గాలికి ఊగి పోగులు విరుగుతాయి.

వీటన్నిటికంటె మోసకరమైనది మరొకటి ఉంది. క్రింపు చక్కగా కుదిరినా పిన్నును ప్లాస్టిక్ తొడుగులోకి పూర్తిగా నెట్టకపోవడం. పిన్ను తన స్థానంలో కూర్చున్నప్పుడు 'టక్' మని చిన్న శబ్దం వస్తుంది. అది రాకముందే వదిలివేస్తే, రెండు సగాలను కలిపినప్పుడు ఎదుటి భాగం పిన్నును వెనుకకు నెడుతుంది. బయటి కొక్కేలు బిగుసుకుంటాయి, చూపుకు అంతా సరిగానే ఉంటుంది, లోపల మాత్రం పిన్ను కొస సాకెట్టు అంచును తాకి ఊరకుంటుంది. లోపలికి నెట్టిన తరువాత తీగను మెల్లగా వెనుకకు లాగి చూడటం, అప్పుడే గ్లాండ్ నట్టును రెండు స్పానర్లతో బిగించడం ఈ కారణం వల్లనే అవసరం. నట్టు సరిగా బిగియకపోతే రబ్బరు సీలు తీగను హత్తుకోదు, వాన నీరు లోపలికి చేరుతుంది.

రెండు వేర్వేరు కంపెనీల సగాలు ఒకదానిలో ఒకటి ఇమిడినంత మాత్రాన అవి జత అయినట్లు కాదు. 4 మిల్లీమీటర్లన్నది పేరుకు ఒకటే అయినా, పిన్ను వ్యాసంలో అనుమతించే తేడా, సాకెట్టులోని స్ప్రింగు ఆకృతి, అది పిన్నును పట్టే చోటు, పూత లోహం, సీలు మందం తయారీదారును బట్టి మారుతాయి. మిల్లీమీటరులో పదోవంతు తేడా కూడా స్ప్రింగు ఒత్తిడిని మార్చగలదు. కనెక్టర్లకు వర్తించే ఐ.ఇ.సి. 62852 ప్రమాణం క్రింద తయారీదారు పొందే ధ్రువపత్రం అతని సొంత జతకు పరిమితం. పరాయి సగంతో కలిపినప్పుడు ఆ పరీక్షలు ఏవీ వర్తించవు. సౌర ఫలకాల అమరికకు సంబంధించిన ఐ.ఇ.సి. 62548 కూడా ఒకే తయారీదారుకు చెందిన ఒకే రకం కనెక్టర్లనే కలపాలని కోరుతుంది. పెట్టెపై 'ఎం.సి.4కు అనుకూలం' అని ముద్రించి ఉండటం అమ్మకపు మాట మాత్రమే, పరీక్ష ఫలితం కాదు.

నష్టం ఎలా దాగి ఉంటుందో ఒక లెక్కతో తెలుసుకోవచ్చు. 300 వాట్ల ప్యానెళ్లు 16, ఎనిమిదేసి చొప్పున రెండు వరుసలుగా అమర్చిన 5 హెచ్.పి. పంపుసెట్టును ఉదాహరణగా తీసుకుంటే, మంచి ఎండలో ఒక్కొక్క వరుస సుమారు 293 వోల్టుల వద్ద 8.2 ఆంపియర్లు ఇస్తుంది. కీలులో వెలువడే వేడి P = I²R. ఆరోగ్యకరమైన కీలు నిరోధం 0.3 మిల్లీ ఓమ్ ప్రాంతంలో ఉంటుంది గనుక వేడి 0.02 వాట్లు మాత్రమే, చేతికి తెలియదు. నిరోధం 0.1 ఓమ్‌కు చేరితే సుమారు 6.7 వాట్లు, 0.5 ఓమ్‌కు చేరితే సుమారు 34 వాట్లు అవుతుంది. రేడియో మరమ్మతుకు వాడే సోల్డరింగ్ ఐరన్ 25 వాట్లదే. అంతకు మించిన వేడి మూసి ఉన్న ప్లాస్టిక్ గొట్టంలో వెలువడుతుంటే అది మెత్తబడి, నల్లబడి, కరుగుతుంది. అయినా 4,800 వాట్లలో 34 వాట్లు ఒక శాతం కూడా కాదు. కీలు కాలుతున్నా నీటి ధారలో తేడా కనబడకపోవడానికి కారణం ఇదే.

రెండు వరుసలను కలిపే 'వై' ఆకారపు కనెక్టర్ విషయంలో అదనపు జాగ్రత్త అవసరం. దాని ఉమ్మడి కాలు గుండా 16.4 ఆంపియర్లు పోతాయి. ప్రవాహం రెట్టింపైతే వేడి నాలుగు రెట్లవుతుంది గనుక, వరుసలో 6.7 వాట్లిచ్చే 0.1 ఓమ్ దోషమే ఇక్కడ 27 వాట్లు ఇస్తుంది. కీళ్లను వరుసగా పరిశీలించేటప్పుడు దీనితో ఆరంభించడం సమంజసం.

అసలు నష్టం కీలు పూర్తిగా తెగినప్పుడు వస్తుంది. ఆ వరుస మొత్తం ఆగిపోయి పంపుకు సగం శక్తే అందుతుంది. పంపు ఆగదు గనుక రైతుకు కారణం తట్టదు. అపకేంద్ర పంపులో శక్తి వేగం ఘనానికి అనుగుణంగా ఉంటుంది కాబట్టి సగం శక్తితో వేగం సుమారు 79 శాతానికి పడిపోతుంది. నీటిని ఎత్తగల ఎత్తు వేగం వర్గాన్ని అనుసరిస్తుంది, అంటే 63 శాతం. పూర్తి వేగంతో గరిష్ఠంగా 100 మీటర్లు ఎత్తగల పంపు 63 మీటర్లకు పరిమితమవుతుంది. నీరు 65 మీటర్ల లోతులో ఉంటే మోటారు తిరుగుతూనే ఉంటుంది, నీరు మాత్రం పైకి రాదు. ధార తగ్గినప్పుడు పంపు తీసుకొనే శక్తి కూడా కొంత తగ్గుతుంది గనుక ఈ లెక్క స్థూలమైనదే. బోరు ఎండిపోయిందని రైతు ఎందుకు భ్రమపడతాడో వివరించడానికి మాత్రం ఇది చాలు.

మల్టీమీటరుతో ఓపెన్ సర్క్యూట్ వోల్టేజి కొలిస్తే ఈ దోషం దొరకదు. ప్రవాహం లేనప్పుడు నిరోధంపై వోల్టేజి పడిపోదు గనుక, 0.5 ఓమ్ దోషమున్న వరుస కూడా పూర్తి వోల్టేజినే చూపుతుంది. పంపు నడుస్తుండగా, ఎండ స్థిరంగా ఉన్న మధ్యాహ్న వేళ డి.సి. క్లాంప్ మీటరుతో రెండు వరుసల ప్రవాహాలను పోల్చాలి. ఒకటి సున్నా అయితే ఆ వరుస తెగినట్లే. రెండూ సమానమైనప్పుడు ఇన్‌ఫ్రారెడ్ థర్మామీటరుతో, వీలైతే థర్మల్ కెమెరాతో, నీడలో ఉన్న కీళ్ల ఉష్ణోగ్రతలను ఒకదానితో ఒకటి పోల్చాలి. ఒకే ప్రవాహం పోయే కీళ్లన్నీ దాదాపు ఒకే వేడిలో ఉండాలి. ఒకటి మాత్రం స్పష్టంగా వేడిగా ఉంటే దాన్ని మార్చవలసినదే. రైతు మాటల్లోనూ ఆధారాలు దొరుకుతాయి. ఉదయం, సాయంత్రం బాగా నడిచి మధ్యాహ్నం ఆగుతుందంటే, ప్రవాహం ఎక్కువైనప్పుడు విడిపోయే కీలును అనుమానించవచ్చు. మంచు కురిసిన ఉదయం, వాన వెలిసిన తరువాత మాత్రమే కంట్రోలరు ఎర్త్ ఫాల్ట్ చూపితే, తడి చేరిన కీలును వెదకాలి.

పంపు నడుస్తుండగా కనెక్టర్‌ను విడదీయడం ప్రాణాపాయం. డి.సి. ప్రవాహం ఏ.సి. వలె క్షణక్షణం సున్నాను తాకదు గనుక ఏర్పడిన ఆర్క్ ఆరదు. ముందుగా కంట్రోలరును, తరువాత డి.సి. ఐసొలేటరును ఆపి, క్లాంప్ మీటరు సున్నా చూపిన తరువాతనే తెరవాలి. ఎండ ఉన్నంతసేపు తీగ కొసల్లో వోల్టేజి ఉంటుందన్నది అప్పుడూ మరువరాదు. కాలిన కీలు క్రింద ఎండుగడ్డి ఉంటే దానిని కూడా తొలగించాలి.

కాలిన జతలో ఒక సగాన్ని మాత్రమే మార్చడం వృథా. వేడికి రెండవ సగంలోని స్ప్రింగు కూడా బిగువు కోల్పోయి ఉంటుంది. నల్లబడిన రాగిని పూర్తిగా కోసివేసి, మెరిసే పోగులు కనబడిన చోటు నుండి కొత్త క్రింపు వేయాలి. ప్యానెల్ వైపు తీగను కోయడం వారంటీని ప్రభావితం చేయవచ్చు గనుక ముందుగా సరఫరాదారు లిఖిత అనుమతి తీసుకోవడం మంచిది. 4 చదరపు మిల్లీమీటర్ల తీగపై సరియైన క్రింపు సుమారు 310 న్యూటన్ల లాగుడును, అంటే 31 కిలోల బరువుకు సమానమైన బలాన్ని, తట్టుకోవాలన్నది ఐ.ఇ.సి. 60352-2 కోరే కనీస స్థాయి. పని మొదలుపెట్టే ముందు ఒక నమూనా క్రింపు చేసి, స్ప్రింగు త్రాసుతో లాగి చూస్తే సాధనం, అచ్చు సరియైనవో కావో తెలిసిపోతుంది. కొత్తగా ఏర్పాటు చేసే చోట ప్యానెల్ డేటా షీటులో ఉన్న కనెక్టర్ తయారీదారు పేరు, రకం చూసి, పొలంలో వాడే కనెక్టర్లను కూడా అవే తెప్పించి, ఆ వివరాలను పంపుసెట్టు కాగితాలలో వ్రాయించాలి. అయిదేళ్ల తరువాత ప్యానెల్ మార్చవలసి వచ్చినప్పుడు ఏ జత కొనాలో మెకానిక్‌కు తెలిపేది ఆ కాగితమే.