ఒకసారి తక్కువ, మరోసారి నార్మల్: వాన్ విల్లెబ్రాండ్ పరీక్షల తీరు

వాన్ విల్లెబ్రాండ్ వ్యాధి వంశపారంపర్యంగా వచ్చే రక్తస్రావ జబ్బు. ఫిన్లాండ్ వైద్యుడు ఎరిక్ వాన్ విల్లెబ్రాండ్ 1926లో ఆలండ్ దీవుల్లోని ఒక కుటుంబాన్ని పరిశీలించి దీని గురించి రాశాడు. హీమోఫీలియా ఎక్కువగా మగవారిలో బయటపడుతుంది. ఈ కుటుంబంలో మాత్రం ఆడవాళ్లకూ రక్తం ఆగేది కాదు. ఒక అమ్మాయి నాలుగో నెలసరిలోనే రక్తస్రావంతో చనిపోయింది.

లోపం ఒక ప్రోటీన్‌లో ఉంటుంది. రక్తనాళం తెగినచోట ప్లేట్‌లెట్లను గోడకు అంటుకునేలా చేసేది ఈ ప్రోటీనే. గడ్డకట్టడానికి కావలసిన ఫ్యాక్టర్ 8ను రక్తంలో మోసుకుతిరుగుతూ, అది త్వరగా నశించకుండా కాపాడేది కూడా ఇదే. ఇది తగ్గినా, సరిగా పనిచేయకపోయినా ముక్కు, చిగుళ్లు, గర్భాశయం లోపలి పొరల నుంచి రక్తం ఆగకుండా కారుతుంది. గంటకో రెండు గంటలకో ప్యాడ్ తడిసిపోవడం, నెలసరి వారం దాటినా తగ్గకపోవడం, ముక్కు నుంచి కారే రక్తం పది నిమిషాలు నొక్కిపట్టినా ఆగకపోవడం దీని గుర్తులు. మామూలుగా చేసే పీటీ, ఏపీటీటీ పరీక్షలు నార్మల్‌గా వచ్చినంత మాత్రాన ఈ జబ్బు లేదని చెప్పలేం.

అందుకే మూడు పరీక్షలు కలిపి చేస్తారు. ప్రోటీన్ ఎంత ఉందో యాంటిజెన్ పరీక్ష చెబుతుంది. అది ఎంత పనిచేస్తోందో యాక్టివిటీ పరీక్ష చెబుతుంది. మూడోది ఫ్యాక్టర్ 8 కొలత. ఉదాహరణకు ఒక యువతికి జ్వరంగా ఉన్నప్పుడు యాంటిజెన్ 70 శాతం, యాక్టివిటీ 63 శాతం వచ్చాయనుకుందాం. 50 దాటితే సాధారణంగా నార్మల్ కాబట్టి రిపోర్టు బాగున్నట్టే కనిపిస్తుంది. ఆరోగ్యం కుదుటపడ్డాక మళ్లీ చేస్తే 40, 36 రావచ్చు. రెండు రిపోర్టులూ నిజమే. జ్వరం, వాపు, భయం, గట్టి వ్యాయామం, గర్భం ఈ ప్రోటీన్‌ను పెంచుతాయి. సూదికి భయపడి ఏడ్చిన పిల్లల్లోనూ అది పెరగవచ్చు. ఓ గ్రూపు రక్తం ఉన్నవారిలో మిగతావారికన్నా సగటున నాలుగో వంతు తక్కువగా ఉంటుంది. తీసిన రక్తాన్ని వేరుచేయకుండా ఐసులో పెడితే, లోపం లేనివారికీ తక్కువ చూపించవచ్చు.

ఆ యువతి అంకెలు మారినా యాక్టివిటీని యాంటిజెన్‌తో భాగిస్తే రెండుసార్లూ 0.9 వచ్చింది. అంటే ఉన్న ప్రోటీన్ బాగానే పనిచేస్తోంది, పరిమాణమే తక్కువ. ఇది టైప్ 1 కోవ. యాంటిజెన్ 60, యాక్టివిటీ 24 వచ్చి ఉంటే నిష్పత్తి 0.4 అయ్యేది. 0.7 కన్నా తగ్గితే ప్రోటీన్ నిర్మాణంలోనే లోపం ఉందని, అంటే టైప్ 2 అని అనుమానిస్తారు. ప్రోటీన్ దాదాపు పూర్తిగా లేకపోతే టైప్ 3.

యాక్టివిటీ 30 కన్నా తక్కువగా ఉంటే జబ్బు ఉన్నట్టే. 30కీ 50కీ మధ్య ఉండి, అసాధారణ రక్తస్రావమూ ఉంటే జబ్బుగానే పరిగణిస్తారు. లక్షణాలు బలంగా ఉండి రిపోర్టు నార్మల్ వస్తే, ఒంట్లో నలత లేనప్పుడు పరీక్ష మళ్లీ చేయిస్తారు. టైప్ తేలడం చికిత్సకూ అవసరం. డెస్మోప్రెసిన్ మందు ఒంట్లో నిల్వ ఉన్న ప్రోటీన్‌ను రక్తంలోకి విడుదల చేయిస్తుంది కాబట్టి టైప్ 1లో చాలామందికి పనిచేస్తుంది. నిల్వే లేని టైప్ 3లో ఆ ప్రోటీన్‌ను బయటి నుంచి ఎక్కించాల్సిందే.