ఒక గుడ్డు తెల్లసొన, నాలుగు వరుసల లెక్క: ఎంజైము శుద్ధిని కొలిచే పట్టిక

కోడిగుడ్డు తెల్లసొనలో లైసోజైమ్ అనే ఎంజైము ఉంటుంది. కొన్ని రకాల బ్యాక్టీరియా కణకవచాన్ని కోసి, వాటిని కరిగించివేయడం దీని పని. 1922లో అలెగ్జాండర్ ఫ్లెమింగ్ దీని గురించి ప్రకటించారు. తెల్లసొనలోని ప్రోటీన్లలో సగానికి పైగా ఓవాల్బుమిన్ ఉంటే, లైసోజైమ్ వాటా సుమారు 3.5 శాతం మాత్రమే. ఆ కొద్దిపాటి ఎంజైమును మిగతా వాటి నుంచి విడదీసేటప్పుడు ప్రతి దశలోనూ రెండు ప్రశ్నలు ఎదురవుతాయి. చెత్త ఎంత పోయింది? దాంతోపాటు అసలు సరుకు ఎంత పోయింది? ఈ రెండింటికీ ఒకేచోట జవాబు చెప్పేదే శుద్ధీకరణ పట్టిక.

కొలిచేవి మూడే

ప్రతి దశ చివర ప్రయోగశాలలో కొలిచేవి మూడు: ద్రావణం ఎన్ని మిల్లీలీటర్లు ఉంది, ఒక మిల్లీలీటరులో ఎంత ప్రోటీన్ ఉంది, ఎంత క్రియాశీలత ఉంది. మిగతావన్నీ వీటి నుంచి వచ్చే లెక్కలే.

లైసోజైమ్ క్రియాశీలతను కొలవడానికి మైక్రోకాకస్ అనే బ్యాక్టీరియా కణాలను బఫర్‌లో కలుపుతారు. ఆ ద్రవం పలుచని మజ్జిగలా మసకగా ఉంటుంది. ఎంజైము వేయగానే కణాలు కరిగి ద్రవం తేటపడుతుంది. 450 నానోమీటర్ల కాంతి వద్ద శోషణ నిమిషానికి 0.001 చొప్పున తగ్గితే దాన్ని ఒక యూనిట్ అంటారు. ఉదాహరణకు, నమూనాను 200 రెట్లు పలుచన చేసి, అందులో 0.1 మిల్లీలీటరు వేస్తే శోషణ నిమిషానికి 0.0175 తగ్గిందనుకుందాం. అంటే ఆ చుక్కలో 17.5 యూనిట్లు ఉన్నాయి. మిల్లీలీటరుకు 175, పలుచనను కలుపుకుంటే 35,000. ఆ 200తో గుణించడం ఒక్క వరుసలో మరచినా పట్టిక మొత్తం తారుమారవుతుంది.

పట్టిక ఎలా నిండుతుంది

ఒక గుడ్డులోని సుమారు 30 మిల్లీలీటర్ల తెల్లసొనను ఐదు రెట్లు పలుచన చేసి మొదలుపెట్టామనుకుందాం. కింది అంకెలు లెక్క చూపడానికి తీసుకున్నవి. క్రియాశీలత లక్షల యూనిట్లలో ఉంది.

| దశ | పరిమాణం (మి.లీ.) | మొత్తం ప్రోటీన్ (మి.గ్రా.) | మొత్తం క్రియాశీలత (లక్షలు) | విశిష్ట క్రియాశీలత (యూనిట్లు/మి.గ్రా.) | శుద్ధి రెట్లు | దిగుబడి శాతం |
|---|---|---|---|---|---|---|
| 1. పలుచన చేసిన తెల్లసొన | 150 | 3,000 | 52.5 | 1,750 | 1 | 100 |
| 2. ఓవోమ్యూసిన్ తీశాక | 140 | 2,660 | 47.6 | 1,789 | 1.02 | 90.7 |
| 3. అయాన్ మార్పిడి కాలమ్ | 40 | 100 | 38.0 | 38,000 | 21.7 | 72.4 |
| 4. జెల్ వడపోత కాలమ్ | 50 | 65 | 31.2 | 48,000 | 27.4 | 59.4 |

మొదటి వరుసలో మిల్లీలీటరుకు 35,000 యూనిట్లు ఉన్నాయి. దాన్ని 150తో గుణిస్తే మొత్తం క్రియాశీలత 52.5 లక్షలు. దాన్ని 3,000 మిల్లీగ్రాముల ప్రోటీన్‌తో భాగిస్తే విశిష్ట క్రియాశీలత 1,750. అంటే ప్రతి మిల్లీగ్రాము ప్రోటీన్‌కు ఎంత పని జరుగుతోందో ఇది చెబుతుంది. ఏ దశ విశిష్ట క్రియాశీలతనైనా మొదటి దశదానితో భాగిస్తే శుద్ధి రెట్లు వస్తాయి. మొత్తం క్రియాశీలతను మొదటిదానితో భాగించి వందతో గుణిస్తే దిగుబడి శాతం వస్తుంది. పోలిక ఎప్పుడూ మొదటి వరుసతోనే గాని, ముందరి వరుసతో కాదు.

రెండో వరుసను చూస్తే ఆ దశ వృథా అనిపిస్తుంది. శుద్ధి పెరిగింది రెండు శాతమే, క్రియాశీలత మాత్రం తొమ్మిది శాతం పోయింది. కానీ అక్కడ తీసేసిన ఓవోమ్యూసిన్ జిగురు పదార్థం. దాన్ని ఉంచేస్తే తర్వాతి కాలమ్ మూసుకుపోతుంది. పైగా అది లైసోజైమ్‌ను విద్యుదావేశంతో పట్టుకుంటుంది కాబట్టి పోతూ పోతూ కొంత ఎంజైమును వెంట తీసుకుపోతుంది.

అసలు మలుపు మూడో వరుసలో ఉంది. తెల్లసొన ప్రోటీన్లలో చాలావాటికి స్వల్ప క్షార ద్రావణంలో రుణావేశం ఉంటే, లైసోజైమ్‌కు మాత్రం ధనావేశం ఉంటుంది. అందుకే రుణావేశం గల కాలమ్‌కు అది అంటుకుంటుంది, మిగతావి చాలావరకు కారిపోతాయి. తర్వాత ఉప్పు ద్రావణంతో దాన్ని విడిపిస్తారు. అవిడిన్ వంటి ధనావేశపు ప్రోటీన్ కూడా దాంతో కలిసి రావచ్చు. అయితే అవిడిన్ లైసోజైమ్ కన్నా నాలుగు రెట్లకు పైగా పెద్దది. అందుకే పరిమాణాన్ని బట్టి వేరు చేసే నాలుగో దశ అవసరమవుతుంది.

దాటరాని గీత

ప్రోటీన్‌లో లైసోజైమ్ 3.5 శాతమే ఉందంటే, అది పూర్తిగా శుద్ధమైనా శుద్ధి 100ను 3.5తో భాగించగా వచ్చే 28.6 రెట్లకు మించదు. పట్టికలోని 27.4 ఆ గీతకు దగ్గరగా ఆగింది. ఎవరి పట్టికలోనైనా 50 రెట్లు కనిపిస్తే అది గొప్ప శుద్ధి కాదు, మొదటి వరుసను అనుమానించాలి. జిగురుగా ఉన్న తెల్లసొనను పిపెట్‌తో తీస్తే కొంత గోడలకు అంటుకుని, చెప్పినంత పరిమాణం పడదు. అలా మొదటి క్రియాశీలత తక్కువగా నమోదైతే తర్వాతి రెట్లు, దిగుబడులు అన్నీ ఉబ్బిపోతాయి. దిగుబడి వంద శాతం దాటడం కూడా ఇలాంటి సూచనే. శుద్ధి రెట్లు వందల్లో, వేలల్లో ఉండటం కణంలో అతి తక్కువగా ఉండే ఎంజైములకే సాధ్యం. కాబట్టి రెండు వేర్వేరు ఎంజైముల రెట్లను పోల్చి, ఒక పద్ధతి మరోదాని కన్నా మంచిదనడం సరికాదు.

నష్టం ఎక్కడ జరిగింది?

మూడో దశ తర్వాత ఉప్పును తీసేయడానికి ద్రావణాన్ని డయాలసిస్ సంచిలో పోసి బఫర్‌లో వేలాడదీస్తారు. మామూలుగా దొరికే సంచుల రంధ్రాలు 12,000 నుంచి 14,000 డాల్టన్ల లోపు అణువులను పోనిస్తాయి. లైసోజైమ్ బరువు సుమారు 14,300 డాల్టన్లు. రాత్రంతా ఉంచితే ఎంజైము మెల్లగా బయటికి జారిపోతుంది. అప్పుడు మొత్తం క్రియాశీలత, మొత్తం ప్రోటీన్ రెండూ కలిసి తగ్గుతాయి, విశిష్ట క్రియాశీలత మాత్రం దాదాపు కదలదు. సరుకు కారిపోయిందని దీని అర్థం. 3,500 డాల్టన్ల సంచి వాడితే సరిపోతుంది. అలా కాకుండా ప్రోటీన్ అలాగే ఉండి క్రియాశీలత ఒక్కటే పడిపోతే, విశిష్ట క్రియాశీలత కూడా కిందికి వస్తుంది. అప్పుడు ఎంజైము చెడిపోయిందని అనుకోవాలి, వేడిని, బఫర్‌ను పరిశీలించాలి.

ప్రోటీన్‌ను కొలిచే పద్ధతి కూడా మోసం చేయగలదు. 280 నానోమీటర్ల వద్ద శోషణ ఒకటి ఉంటే మిల్లీలీటరుకు ఒక మిల్లీగ్రాము అని కొందరు లెక్కిస్తారు. లైసోజైమ్‌లో ట్రిప్టోఫాన్ ఎక్కువగా ఉండటంతో, ఒక మిల్లీగ్రాము ఉన్నచోట శోషణ సుమారు 2.6 చూపుతుంది. ఆ లెక్కన నాలుగో వరుసలోని 65 మిల్లీగ్రాములు దాదాపు 170గా కనిపించి, 48,000 ఉండాల్సిన విశిష్ట క్రియాశీలత 18,000 దగ్గరికి దిగిపోతుంది. అందుకే ఒకే రంగు పరీక్షను అన్ని వరుసలకూ వాడి, చివరి ద్రావణానికి లైసోజైమ్ సొంత శోషణ విలువతో మరోసారి సరిచూస్తారు.

ఎక్కడ ఆపాలి?

నాలుగో దశ 35 మిల్లీగ్రాముల ప్రోటీన్‌ను తీసేసింది, అందుకు 13 శాతం దిగుబడిని ఖర్చు చేసింది. ఆ ఖర్చు అవసరమా అన్నది ఎంజైము వాడకాన్ని బట్టి ఉంటుంది. అణు నిర్మాణం తెలుసుకోవడానికి స్ఫటికాలు పెంచాలంటే శుద్ధతే ముఖ్యం. గట్టి చీజ్ నిల్వలో బ్యాక్టీరియాను అడ్డుకోవడానికి లైసోజైమ్ వాడినప్పుడు ఎక్కువ మొత్తం చేతికి రావడం ముఖ్యం. అక్కడ మూడో వరుసతో ఆగినా పని జరగవచ్చు. ఆ నిర్ణయానికి పట్టికలోని చివరి రెండు నిలువు వరుసలను పక్కపక్కన పెట్టి చూడాలి. ఒక దశ రెట్లను ఎంత పెంచింది, శాతాన్ని ఎంత తగ్గించింది అన్న బేరం అక్కడ కనిపిస్తుంది. చివరి నమూనాను విద్యుత్ క్షేత్రంలో జెల్‌పై నడిపించి ఒకే పట్టీ వస్తుందో లేదో చూస్తే, పట్టిక చెప్పిన శుద్ధతకు కంటికి కనిపించే సాక్ష్యం దొరుకుతుంది.