చివరి అంచెలో తగ్గే వేగం

2023 జనవరిలో మొదలైన విశాఖ–సికింద్రాబాద్ వందేభారత్ తొలి టైంటేబుల్ చూడండి. విశాఖలో ఉదయం 5:45కి బయల్దేరి, మధ్యాహ్నం 2:15కి సికింద్రాబాద్ చేరాలి. దూరం 699 కిలోమీటర్లు, పట్టే సమయం 8 గంటల 30 నిమిషాలు. ఇక్కడే చాలామంది 8.30తో భాగించేస్తారు. 30 నిమిషాలంటే అర గంట కాబట్టి 8.5తో భాగించాలి. గంటకు సుమారు 82 కిలోమీటర్లు వస్తుంది.

రాజమండ్రి, విజయవాడ, ఖమ్మం, వరంగల్‌లలో ఆగే సమయమంతా కలిపినా 9 నిమిషాలే. దాన్ని తీసేస్తే సగటు 84కి చేరుతుంది, అంతే.

నాకు ఆసక్తి కలిగించేది చివరి అంచె. ఖమ్మం నుంచి వరంగల్‌కు దాదాపు 100 వేగంతో వచ్చిన బండికి, అక్కణ్నుంచి సికింద్రాబాద్‌కు సుమారు 142 కిలోమీటర్లకు 2 గంటల 9 నిమిషాలిచ్చారు. అంటే 66 మాత్రమే. నగరం దగ్గర రద్దీ ఎక్కువ. పైగా దారిలో జరిగిన ఆలస్యాన్ని పూడ్చుకోవడానికి చివరి అంచెలో కొంత అదనపు సమయం కలపడం రైల్వేలో మామూలే. అందుకే వరంగల్‌లో పది నిమిషాలు ఆలస్యమైన బండి కూడా ఒక్కోసారి వేళకే చేరుతుంది.