‘డాక్యుమెంటేషన్ మెరుగుపడాలి’ అంటే ఏం చేయాలి?

ఏడాది చివర జూనియర్ నర్సు అప్రైజల్ ఫారంలో చాలామంది వార్డు ఇన్‌ఛార్జ్‌లు ‘పని బాగుంది, డాక్యుమెంటేషన్ మెరుగుపడాలి’ అని రాసి సంతకం పెట్టేస్తారు. అది చదివిన అమ్మాయికి రేపటి డ్యూటీలో ఏం మార్చుకోవాలో తెలియదు.

సర్జికల్ వార్డులో ఒక ఉదాహరణ చూద్దాం. ఇన్‌టేక్-అవుట్‌పుట్ చార్టులో ఆమె ఎక్కించిన సెలైన్ రాస్తోంది కానీ, రాత్రిపూట యూరిన్ కొలత గడి తరచూ ఖాళీగా ఉంటోంది. మూత్రం తగ్గడం ఒంట్లో నీరు తగ్గిందనో, కిడ్నీలకు ఇబ్బంది మొదలైందనో చెప్పే తొలి గుర్తుల్లో ఒకటి. గడి ఖాళీగా ఉంటే పొద్దున రౌండ్స్‌లో డాక్టరుకు అది కనిపించదు.

రాసే ముందు రోస్టర్ తిరగేయాలి. వార్డు నిండి, ఆమె ఒక్కతే ఉన్న రాత్రుల్లోనే ఖాళీలుంటే లోపం సిబ్బంది కొరతది. తోడున్న రాత్రుల్లోనూ ఉంటే అది ఆమె అలవాటు. అప్పుడు ఇలా రాయొచ్చు:

‘ఆపరేషన్ అయిన రోగుల నొప్పిని అడిగి, స్కోరు వేసి, మందిచ్చాక మళ్లీ చూస్తోంది. రాత్రి యూరిన్ కొలతలు తరచూ నమోదు కావడం లేదు. బ్యాగు ఖాళీ చేసిన వెంటనే రాయాలి. మూడు నెలలపాటు వారానికి రెండు చార్టులు కలిసి చూస్తాం.’

ఇలా రాయాలంటే మంచైనా చెడైనా తేదీతో నెలనెలా నోట్ చేసుకోవాలి. లేకుంటే చివరి నెల సంగతులే గుర్తుంటాయి. ఖాళీల సంగతి కనిపించిన వారమే ఆమెకు చెప్పాలి. ఫారంలో చూసి మొదటిసారి తెలుసుకునే పరిస్థితి రాకూడదు.