రంజాన్ గ్రాఫ్ చూసి మార్కులు వేస్తే ఎలా?

గల్ఫ్‌లో పదేళ్లు కూడబెట్టిన డబ్బును స్టార్టప్‌లో పెట్టమని తెలిసినవాళ్లే అడుగుతున్న రోజులివి. "మనవాళ్లే కదా" అని సరే అనేముందు ఇన్వెస్టర్లు చేసే పని ఒకటుంది. పిచ్ వినకముందే కాగితం మీద మార్కుల పట్టిక రాసుకుంటారు. అమెరికా ఏంజెల్ ఇన్వెస్టర్ బిల్ పేన్ ప్రచారంలోకి తెచ్చిన స్కోర్‌కార్డ్‌లో టీమ్‌కు 30 శాతం వరకు, మార్కెట్ సైజుకు 25 శాతం వరకు వెయిటేజీ ఉంటుంది. ఇంట్లో వేసుకోవడానికి టీమ్‌కు 40, మార్కెట్‌కు 30, ట్రాక్షన్‌కు 30 చాలు. ట్రాక్షన్ అంటే కస్టమర్లు నిజంగా డబ్బిచ్చి కొంటున్నారా అన్నది.

ఒక ఉదాహరణ తీసుకుందాం. హైదరాబాద్‌లో ఇద్దరు అన్నదమ్ములు హలాల్ మటన్, చికెన్ ఇంటికి పంపే యాప్ పెట్టారనుకోండి. "సిటీలో లక్షల ముస్లిం కుటుంబాలున్నాయి" అన్నది వాళ్ల మార్కెట్ లెక్క. అది లెక్క కాదు, ఆశ. వాళ్ల బండి తిరిగేది టోలిచౌకి, మెహదీపట్నం వైపే. అక్కడ 40 వేల ఇళ్లలో 5 శాతం, అంటే 2 వేల ఇళ్లు నెలకు రూ.1,500 చొప్పున కొంటే అమ్మకం 30 లక్షలు. 15 శాతం మిగిలితే నాలుగున్నర లక్షలు. డెలివరీ కుర్రాళ్ల జీతాలు, ఐస్, అద్దె ఇందులోంచే కట్టాలి. ఐదుకు మూడు వేయొచ్చు.

టీమ్ బాగానే ఉంది. పెద్దాయనకు మాంసం వ్యాపారంలో అనుభవం ఉంది, తమ్ముడు ఉద్యోగం మానేసి వచ్చాడు, ఇద్దరి వాటాలు రాతలో ఉన్నాయి. నాలుగు.

అసలు చిక్కు ట్రాక్షన్ దగ్గర. షాబాన్‌లో 200 ఆర్డర్లు, రంజాన్‌లో 1,400 అని గ్రాఫ్ చూపించారు. రంజాన్‌లో ఏ మటన్ షాపుకైనా గిరాకీ పెరుగుతుంది కదా! అడగాల్సింది వేరే: రంజాన్‌లో మొదటిసారి కొన్న 500 ఇళ్లలో షవ్వాల్, జిల్‌ఖదా నెలల్లో మళ్లీ కొన్నవి ఎన్ని? 70 అన్నారు. అందులో 50 డిస్కౌంట్ కూపన్‌తో వచ్చినవే. పూర్తి ధర ఇచ్చి తిరిగొచ్చినవి 20, అంటే 4 శాతం. ఒకటి కన్నా ఎక్కువ వేయలేం.

పిచ్ విన్న ఊపులో మూడింటికీ నాలుగేసి వేస్తే నూటికి 80 వచ్చేది. ఇప్పుడు 32, 18, 6 కలిపి 56. మొత్తం ఒక్కటే చూస్తే పాస్ అనిపిస్తుంది, ఇక్కడే చాలామంది పొరబడతారు. అందుకే ఏ అంశంలోనైనా రెండు కన్నా తక్కువ వస్తే మొత్తం ఎంతున్నా డబ్బు పెట్టకూడదని ముందే రాసుకోవాలి. ఇంట్లో ఇద్దరు విడివిడిగా మార్కులు వేసి, తర్వాతే పోల్చుకోవాలి. లేదంటే పెద్దమామూ వేసిన మార్కే అందరిదీ అవుతుంది.

ఇక "నెలకు ఇంత లాభం గ్యారంటీ" అన్నవాళ్లకు మార్కులే వేయనక్కర్లేదు. వాటా అంటే నష్టంలోనూ వాటానే.

ఈ అన్నదమ్ములను తిప్పి పంపేయాల్సిన పని లేదు. బక్రీద్ తర్వాతి రెండు నెలల్లో కూపన్ లేకుండా వచ్చిన ఆర్డర్ల లెక్క, బ్యాంక్ స్టేట్‌మెంట్‌తో సహా తెమ్మని చెప్పి, ట్రాక్షన్‌కు మాత్రం మళ్లీ మార్కులు వేస్తే సరిపోతుంది.