50 + 20 అంటే 70 కాదు

ఆషాఢం వచ్చిందంటే బట్టల దుకాణాల ముందు బోర్డులు లేస్తాయి. ‘50 శాతం తగ్గింపు, దానిపై మరో 20 శాతం’ అని పెద్ద అక్షరాల్లో రాసుంటుంది. చూసిన కన్ను ఆ రెండింటినీ కూడేసి 70 అనుకుంటుంది. దుకాణదారు మాత్రం 70 అని ఎక్కడా రాయడు. రాస్తే అబద్ధమవుతుంది.

4,000 రూపాయల జీన్స్ ప్యాంటు తీసుకుందాం. 50 శాతం పోతే 2,000. రెండో తగ్గింపు ఈ 2,000 మీదే తప్ప మొదటి 4,000 మీద కాదు. అందులో 20 శాతమంటే 400, కాబట్టి చేతికొచ్చే ధర 1,600. నిజంగా తగ్గింది 60 శాతమే. 70 అనుకుని 1,200 తీసుకెళ్లినవాళ్లకు కౌంటరు దగ్గర 400 తక్కువ పడతాయి. కాగితం లేకుండా చూసుకోవాలంటే ఒక దారి ఉంది. రెండు శాతాలనూ కూడి, వాటిని గుణించగా వచ్చినదాన్ని నూటితో భాగించి తీసేయాలి. 50, 20 కలిస్తే 70. వాటి గుణకారం 1,000, అందులో నూరోవంతు 10. మిగిలింది 60. అలాగే ‘40 + 40’ అని చూస్తే 80 నుంచి 16 తీసేస్తే 64.

ముందు 20 తీసి తర్వాత 50 తీసినా జవాబు మారదు. ధరను 0.8తో గుణించి 0.5తో గుణించినా, తిరగేసి గుణించినా ఒకటే. కానీ శాతం పక్కన రూపాయల కూపన్ వచ్చి చేరితే వరుస ముఖ్యమవుతుంది. 2,000 రూపాయల వస్తువుపై 20 శాతం, 200 రూపాయల కూపన్ రెండూ ఉన్నాయనుకోండి. శాతం ముందు తీస్తే 1,600, అందులో 200 పోగా 1,400. కూపన్ ముందు తీస్తే 1,800, దానిపై 20 శాతం పోగా 1,440. కొనేవాడికి శాతం ముందు పోవడమే లాభం.

ఇక పన్ను. తగ్గించిన ధరపై పన్ను వేస్తే ఎక్కువ కట్టాల్సి వస్తుందేమోనని చాలామందికి అనుమానం. రేటు ఒకటే అయితే అలాంటిదేమీ లేదు. పన్ను కలపని వెయ్యి రూపాయల ధరలో 20 శాతం తగ్గించి 5 శాతం పన్ను కలిపితే 840. ముందు పన్ను కలిపి 1,050 చేసి, అందులో 20 శాతం తగ్గించినా అదే 840. తేడా వచ్చేది, ఆ వెయ్యిలో పన్ను అప్పటికే ఉంటే. ప్యాకేజీ వస్తువులకు సంబంధించిన తూనికలు కొలతల నిబంధనల ప్రకారం ఎంఆర్‌పీ అంటే అన్ని పన్నులూ కలిపిన ధర. దానిలో 40 శాతం తగ్గిస్తానని చెప్పి, బిల్లు దగ్గర మళ్లీ పన్ను కలిపితే అసలు తగ్గింపు 40 కాదు.

జీఎస్టీ రాకముందు, వ్యాట్ కాలంలో ఇదే గొడవ జాతీయ వినియోగదారుల కమిషన్ దాకా వెళ్లింది. జాకెట్ ఎంఆర్‌పీ 3,995. 40 శాతం తగ్గిస్తే 2,397. దుకాణం దానిపై వ్యాట్ కింద మరో 119 రూపాయల 85 పైసలు వేసింది. అంటే 5 శాతం. కొన్నవారు కట్టింది 2,516 రూపాయల 85 పైసలు. 0.6ను 1.05తో గుణిస్తే 0.63, కాబట్టి దక్కిన తగ్గింపు 37 శాతమే. ఎంఆర్‌పీపై తగ్గింపు ప్రకటించి, తగ్గించిన ధరపై పన్ను వేరేగా వసూలు చేయడం అనుచిత వ్యాపార పద్ధతి అని కమిషన్ 2017 జనవరిలో తేల్చింది. మూడు శాతం కోసం ఎవరు అంత దూరం వెళ్తారన్న ధీమాతోనే ఇలాంటివి నడుస్తాయి.

రేటే మారిపోయినప్పుడు అసలు చిక్కు మొదలవుతుంది. 2025 సెప్టెంబరు 22 నుంచి రెడీమేడ్ దుస్తులపై, ఒక్కో దానికి అమ్మకం ధర 2,500 రూపాయల వరకు 5 శాతం, దాటితే 18 శాతం జీఎస్టీ. అంతకుముందు ఆ గీత వెయ్యి దగ్గర ఉండేది, పైన 12 శాతం. చూడాల్సింది లేబుల్ మీది ధర కాదు, తగ్గింపు పోగా పన్ను కలపకముందు మిగిలే ధర. అమ్మేటప్పుడే ఇచ్చి బిల్లులో చూపించిన తగ్గింపును తీసేశాకే పన్ను లెక్క మొదలవ్వాలని జీఎస్టీ చట్టం 15వ సెక్షన్ చెబుతుంది. (చీరకు ఈ గొడవ సాధారణంగా లేదు. దాన్ని బట్టగానే చూస్తారు కాబట్టి ధర ఎంతైనా 5 శాతమే.)

మన ప్యాంటు దగ్గరికే వెళ్దాం. 4,000 ఎంఆర్‌పీపై 25 శాతం తగ్గిస్తే 3,000. ఇందులో వస్తువు విలువ 2,542, పన్ను 458. ఇప్పుడు దుకాణదారు ఇంకాస్త తగ్గించి 2,625కి ఇచ్చాడనుకోండి. వస్తువు విలువ సరిగ్గా 2,500, దానిపై 5 శాతం పన్ను 125. కొన్నవాడికి 375 రూపాయలు మిగిలాయి. అందులో దుకాణదారు వదులుకున్నది 42 మాత్రమే. మిగతా 333 ప్రభుత్వానికి వెళ్లాల్సిన పన్ను. గీతకు కొంచెం పైన ఉన్న వస్తువుపై ‘మరో పదిహేను శాతం’ అని ఉదారంగా ఇచ్చే తగ్గింపులో చాలా భాగం ఎవరి జేబులోంచి వస్తోందో దీన్నిబట్టి తెలుస్తుంది. తప్పేమీ లేదు, చట్టప్రకారమే.

మరి అదే ప్యాంటుకు 30 శాతం తగ్గించి 2,800 అంటే? 5 శాతం అనుకుని పన్ను విడదీస్తే వస్తువు విలువ 2,667 వస్తుంది. అది 2,500 దాటింది కాబట్టి 5 శాతం చెల్లదు. సరే, 18 శాతం అనుకుందాం. అప్పుడు విలువ 2,373 వస్తుంది. అది గీత కిందే ఉంది కాబట్టి 18 శాతమూ చెల్లదు. పన్నుతో కలిపి 2,625 దాటి 2,950 వరకు ఉన్న ఏ ధరకూ రెండు రేట్లలో ఏదీ అతకదు. దుకాణదారు 2,625కి దిగిరావాలి, లేదా 2,950 దాటి పైన ఉండాలి. ఆ మధ్య మొత్తమేదైనా బిల్లులో కనిపిస్తే, పన్ను ఏ రేటుతో, ఎంత విలువ మీద వేశారో చూసి తీరాలి.

బ్యాంకు కార్డు తగ్గింపులో కథ వేరు. 3,000 ప్యాంటుపై దుకాణమే 15 శాతం తగ్గిస్తే బిల్లు 2,550, రేటు 5 శాతం, పన్ను 121. అదే 15 శాతం బ్యాంకు తన లెక్కలోంచి ఇస్తే మీ ఖాతాలోంచి పోయేది 2,550 అయినా, దుకాణానికి ముట్టేది మొత్తం 3,000. కాబట్టి పన్ను 18 శాతం లెక్కన 458గానే ఉంటుంది. కొన్న తర్వాత వాలెట్‌లోకి వచ్చే క్యాష్‌బ్యాక్‌దీ అదే దారి, బిల్లు అప్పటికే రాసేశారు. జేబుకు తేడా తెలియదు గానీ, ఆ బిల్లు చూసి 458 రూపాయల పన్ను అన్యాయంగా వేశారని దుకాణదారుతో తగువు పెట్టుకుంటే ఓడిపోతారు.

గెలిచే తగువు వేరే ఉంది. లేబుల్ మీద ఎంఆర్‌పీ, బోర్డు మీద శాతం, బిల్లులో చివరి మొత్తం, ఈ మూడూ సరిపోవాలి. ఎంఆర్‌పీలోంచి చెప్పిన శాతం తీసేస్తే వచ్చే అంకె కన్నా బిల్లు మొత్తం ఎక్కువుంటే, తేడా సరిగ్గా 5 శాతమో 18 శాతమో అయితే, అక్కడ పన్నును రెండోసారి కలిపారన్నమాట. లేబుల్, బిల్లు రెండింటినీ ఫోనులో ఫొటో తీసుకుని ముందు మేనేజరును అడగండి. సరిచేయకపోతే జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ నంబరు 1915.