రిపోర్టులో చివరి నాలుగు లైన్లు

సీటీ స్కాన్ రిపోర్టు మామూలుగా ఒకటిన్నర, రెండు పేజీలుంటుంది. కాలేయం సైజు, ప్లీహం తీరు, పేగుల గోడల మందం అన్నీ వరసగా రాస్తారు. అదంతా రికార్డు కోసం అవసరమే. కానీ స్కాన్‌కి పంపిన డాక్టరు ముందుగా చూసేది, చాలాసార్లు చూసేదల్లా, చివర్లో ‘ఇంప్రెషన్’ అన్న శీర్షిక కింద ఉండే నాలుగైదు లైన్లే. ఓపీ బయట జనం కూర్చుని ఉంటారు, ఆయన్ని తప్పుపట్టలేం. ఈమధ్య ఆ లైన్ల ఫొటో ఒక్కటే వాట్సాప్‌లో డాక్టరుకు చేరడం కూడా మామూలైపోయింది. పై పేజీలు అసలు వెళ్లవు.

కాబట్టి ఆ లైన్లు ఎలా రాశారన్నదాని మీద రోగి తర్వాతి ఆర్నెల్లు ఆధారపడి ఉండొచ్చు. ఒక ఉదాహరణ తీసుకుందాం. 58 ఏళ్ల మనిషికి ఎడమ నడుము దగ్గర మొదలై గజ్జల్లోకి దిగే నొప్పి. రాళ్లు ఉన్నాయేమో చూడమని యూరాలజిస్టు సీటీ కేయూబీ రాశారు. జూన్‌లో స్కాన్ తీశారు. మన రిపోర్టులు ఇంగ్లీషులోనే ఉంటాయి గానీ, ఇంప్రెషన్‌ని తెలుగులో పెడితే ఇలా ఉంటుంది:

1. కాలేయంలో గ్రేడ్ 1 కొవ్వు.
2. కుడి కిడ్నీలో 2 సెం.మీ. మామూలు నీటితిత్తి.
3. ఎడమ కిడ్నీ స్వల్పంగా ఉబ్బి ఉంది. ఎడమ యూరెటర్ చివర రాయి.
4. ప్రోస్టేటు కొద్దిగా పెరిగింది.
5. వెన్నుపూసల్లో అరుగుదల.
6. కుడి ఊపిరితిత్తి అడుగున చిన్న నాడ్యూల్. క్లినికల్ కోరిలేషన్ అవసరం.

ఇందులో ఒక్క అబద్ధం లేదు. రేడియాలజిస్టు ఏ అవయవాన్నీ వదల్లేదు. వచ్చిన చిక్కల్లా వరసతోనే. టెంప్లేటులో అవయవాలు ఏ వరసలో ఉన్నాయో ఇక్కడా అదే వరసలో దిగాయి. యూరాలజిస్టు అడిగింది రాయి గురించి. అది ఎంత ఉంది, ఎక్కడ ఉంది, మూత్రానికి అడ్డం పడుతోందా అన్నది ఆయనకు కావాలి. జవాబు మూడో నంబరులో సగమే ఉంది, సైజు వెతకాలంటే పై పేజీకి వెళ్లాలి. ఇక ఆరో నంబరు దాకా ఆయన కన్ను చేరుతుందో లేదో. చేరినా, ‘చిన్న’ అన్నాక, అరుగుదల తర్వాత చివర్న పెట్టాక, అదీ అలాంటిదే అనుకుంటారు. రాయి పడిపోతుంది, నొప్పి తగ్గుతుంది, రిపోర్టు కవరుతో సహా బీరువాలోకి వెళ్లిపోతుంది.

ఇదే స్కాన్‌కి ఇంప్రెషన్ తిరగరాస్తే:

1. ఎడమ యూరెటర్ మూత్రాశయంలో కలిసేచోట 5 మి.మీ. రాయి. దానివల్ల ఎడమ కిడ్నీ స్వల్పంగా ఉబ్బింది. జ్వరం ఉంటే అడ్డుపడిన కిడ్నీలో ఇన్ఫెక్షన్ ఉందేమో వెంటనే చూడాలి.
2. అనుకోకుండా కనిపించినది: కుడి ఊపిరితిత్తి కింది భాగంలో 7 మి.మీ. గట్టి నాడ్యూల్. కాల్షియం లేదు. సూచన: పాత స్కాన్ ఉంటే పోల్చాలి. లేకపోతే ఛాతీ మొత్తానికి తక్కువ డోసు సీటీ, సెప్టెంబరులో (3 నెలలకు, పొగ అలవాటు ఉన్నందున).
3. కాలేయంలో కొవ్వు, కుడి కిడ్నీ నీటితిత్తి, ప్రోస్టేటు, వెన్నుపూసల మార్పులకు ఈ స్కాన్‌ను బట్టి మళ్లీ స్కాన్ అక్కర్లేదు.

రెండో నంబరు దగ్గర కాసేపు ఆగాలి, అసలు పని అక్కడే ఉంది. ఊపిరితిత్తిలో కనిపించే ఇంత చిన్న నాడ్యూళ్లలో చాలావరకు క్యాన్సర్ కావు. మన దగ్గర టీబీ ఎక్కువ కాబట్టి పాత టీబీ మచ్చలే ఎన్నో కనిపిస్తాయి. నాడ్యూల్ అంతా కాల్షియంతో గట్టిపడిపోయి ఉంటే అది మానిన మచ్చే, వదిలేయొచ్చు. అందుకే ‘కాల్షియం లేదు’ అన్న మాట అక్కడ ఉండాలి. పాత స్కాన్ గురించి రాయడానికీ కారణముంది. రెండేళ్ల క్రితం కూడా అది ఇంతే ఉందని తేలితే భయం చాలావరకు పోతుంది.

మరి మూడు నెలలని ఎలా వచ్చింది? ఛాతీ రేడియాలజీ నిపుణుల సంస్థ ఫ్లైష్‌నర్ సొసైటీ 2017లో ఇచ్చిన మార్గదర్శకాల ప్రకారం ఒంటరి గట్టి నాడ్యూల్ 6 మి.మీ. లోపు ఉండి, ముప్పు తక్కువైతే మామూలుగా మళ్లీ స్కాన్ అక్కర్లేదు. 6 నుంచి 8 మి.మీ. ఉంటే 6 నుంచి 12 నెలల్లో సీటీ. 8 దాటితే మూడు నెలలకు సీటీనో, పెట్ స్కానో, ముక్క తీసి పరీక్షో ఆలోచించాలి. అయితే ఇది ఛాతీ మొత్తం చూసినప్పటి మాట. కడుపు స్కాన్‌లో ఊపిరితిత్తుల అడుగు భాగమే పడుతుంది, పైన ఇంకేముందో తెలియదు. అలాంటప్పుడు 6–8 మి.మీ. నాడ్యూల్‌కి ముప్పును బట్టి 3 నుంచి 12 నెలల్లో ఛాతీ మొత్తం తీయమంటారు. మన రోగికి పొగ అలవాటుంది కాబట్టి మూడు నెలలు. 35 ఏళ్ల లోపు వాళ్లకు, ఇప్పటికే క్యాన్సర్ ఉన్నవాళ్లకు, రోగనిరోధక శక్తి తగ్గినవాళ్లకు ఈ లెక్క వర్తించదు.

‘కొంతకాలం తర్వాత’ అని రాయడం కంటే నెల పేరు రాయడం మేలని నా అభిప్రాయం. నెల పేరు ఉంటే రోగి కూడా గుర్తుపెట్టుకుంటాడు. ఇక ‘క్లినికల్ కోరిలేషన్’ అన్న మాట. దేనితో పోల్చుకోవాలో చెప్పనంతవరకు అది డాక్టరుకు ఎందుకూ పనికిరాదు, రాసినవాళ్లకే రక్షణ. తిరగరాసినదాంట్లో మొదటి నంబరులోని జ్వరం సంగతి చూడండి. అదీ కోరిలేషనే, కాకపోతే ఏం చూడాలో చెప్పింది.

దీనికి వ్యతిరేక దిశలో పోయేవాళ్లూ ఉన్నారు. ఎందుకైనా మంచిదని మామూలు నీటితిత్తికి కూడా ఆర్నెల్లకో స్కాన్ రాసేస్తారు. రోగికి డబ్బూ భయమూ మిగులుతాయి, నిజంగా అవసరమైన సూచన ఆ గుంపులో కలిసిపోతుంది. అందుకే మూడో నంబరులో ‘అక్కర్లేదు’ అని తేల్చి చెప్పడం కూడా సూచన కిందే లెక్క.

సంతకం పెట్టేముందు చేయాల్సిన పరీక్ష చిన్నదే. పై పేజీలు మూసేసి ఇంప్రెషన్ ఒక్కటే చదవాలి. అడిగిన ప్రశ్నకు మొదటి లైనులో జవాబు దొరికిందా, ఎవరు ఎప్పుడు ఏం చేయాలో తెలిసిందా అని చూసుకోవాలి. ఆ తర్వాత పైన రాసిన అంకెలతో సరిచూడాలి. డిక్టేషన్‌లో ఎడమ కుడిగా, మి.మీ. సెం.మీ.గా మారిపోవడం కొత్తేమీ కాదు. 7 మి.మీ. కాస్తా 7 సెం.మీ. అయితే డాక్టరు చేసే పనే వేరు.

ఎంత బాగా రాసినా రాత సరిపోని సందర్భాలున్నాయి. పేగుకు చిల్లు పడి కడుపులో గాలి చేరినా, ఊపిరితిత్తి రక్తనాళంలో గడ్డ అడ్డుపడినా రిపోర్టు టైపయ్యేదాకా ఆగకూడదు. ఫోన్ చేసి, ఏ డాక్టరుకు ఏ టైముకు చెప్పారో రిపోర్టులో రాయాలి.

పై ఉదాహరణలో ‘పొగ అలవాటు’ అన్న మాట డాక్టరు పంపిన చీటీలో ఉండదు. అక్కడ ‘ఎడమ నడుము నొప్పి’ అని మాత్రమే ఉంటుంది. స్కాన్ గదిలో టెక్నీషియన్ అడిగితేనో, రోగి తనంతట చెబితేనో అది రేడియాలజిస్టుకు చేరుతుంది. అందుకే స్కాన్‌కి వెళ్లేటప్పుడు పాత ఫిల్ములు, సీడీలు, రిపోర్టులు వెంట తీసుకెళ్లండి. పొగ, పాత టీబీ, క్యాన్సర్ చికిత్స వంటివి ఉంటే అడక్కపోయినా చెప్పండి. రిపోర్టు చేతికొచ్చాక ఇంప్రెషన్‌లో ఎక్కడైనా నెల పేరో, మళ్లీ పరీక్ష అన్న మాటో కనిపిస్తే, “డాక్టరుగారూ, ఇది ఎప్పుడు చేయించాలి?” అని అడగకుండా గది దాటి రావద్దు.